పాలగిన్నె, పిల్లి, పది సెకన్లు

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ చిన్నప్పుడు వినని తెలుగువాళ్లు తక్కువ. విజయనగరంలో ఎలుకల బెడద పెరిగితే రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాలకోసం ఇంటికో ఆవుని ఇప్పిస్తారు. అందరి పిల్లులూ బాగా తాగి బలుస్తాయి. రామకృష్ణుడు మాత్రం మొదటిరోజే పొగలు కక్కే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఇక జన్మలో పాలజోలికి పోదు. ఆవు ఇచ్చిన పాలన్నీ ఆయన ఇంటివాళ్లే తాగుతారు.

ఈ కథని ఏడు నిమిషాల యానిమేషన్‌గా తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాం అనుకుందాం. రామకృష్ణుడి కథల సిరీస్‌లో ఇది ఏడో భాగం. చిన్న స్టూడియోల్లో పని ఎలా సాగుతుందో ఆ పని చేసేవాళ్లకి తెలుసు. బొమ్మలు గీసి, కదిలించి, డబ్బింగ్ చెప్పించి, సంగీతం కలిపేసరికి నెల గడిచిపోతుంది. చివరికి ఒక రాత్రి ఫైలు అప్‌లోడ్ అవుతూ ఉంటుంది. అప్పుడు తెరమీద టైటిల్ రాయమని ఖాళీ పెట్టె కనిపిస్తుంది. దాని కింద, వీడియోలోంచి యూట్యూబ్ తనంతట తానే తీసిన మూడు ఫ్రేములు థంబ్‌నెయిల్‌కి పనికొస్తాయేమో చూసుకోమంటాయి. నెలరోజుల పని జనం కంటపడుతుందా లేదా అన్నది ఆ అలసటలో, పది నిమిషాల్లో తేలిపోతుంది.

సినిమా తీసేవాళ్లకి ఇది కొంతవరకు చెల్లుతుంది. వాళ్ల దగ్గర వాడని షాట్లు గుట్టలుగా ఉంటాయి, ఎడిటింగ్‌లో మొదలు మార్చుకోవచ్చు. యానిమేషన్‌లో వాడని షాట్లు ఉండవు. గీసిందే ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పది సెకన్లంటే 240 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములపాటు నిలిపినా 120 బొమ్మలు. అంతా అయ్యాక మొదలు బాగాలేదనిపిస్తే ఆ 120 మళ్లీ గీయాలి. అందుకే నా మాట ఒక్కటే: టైటిల్, థంబ్‌నెయిల్, మొదటి పది సెకన్లు ఈ మూడూ యానిమేటిక్ దశలోనే తేలాలి. యానిమేటిక్ అంటే స్టోరీబోర్డు గీతల్ని, తాత్కాలికంగా చెప్పిన గొంతుతో కలిపి వరసగా ఆడించి చూసుకునే పచ్చి వీడియో. అక్కడ ఒక సీన్ మార్చాలంటే నాలుగు పెన్సిల్ బొమ్మలు చాలు.

ఈ మూడింటినీ కలిపి ఎందుకు ఆలోచించాలంటే, చూసేవాడికి అవి విడివిడిగా అందవు. ఫోన్‌లో వేలు పైకి జరుపుతూ పోయే మనిషి ముందు బొమ్మని చూస్తాడు. బొమ్మ ఆపితే కింద మాట చదువుతాడు. రెండూ కలిసి మనసులో ఒక ప్రశ్న లేపితే నొక్కుతాడు. నొక్కిన మరుక్షణం నుంచీ తన ప్రశ్న తాలూకు వీడియోకే వచ్చానా అని వెతుక్కుంటాడు. బొమ్మ అడిగిన ప్రశ్న ఒకటి, టైటిల్ చెప్పేది ఇంకొకటి, మొదటి సీన్ మరొకటి అయితే మనిషి వెళ్లిపోతాడు. కథ ఎంత బాగున్నా ఆ సంగతి అతనికి తెలిసే అవకాశమే లేదు.

మన కథలో ఆ ప్రశ్న ఏది? బొమ్మలు వేసేవాళ్లని అడిగితే సాధారణంగా ముందు గీసి చూపించేది నిండు సభ. సింహాసనం మీద రాయలవారు, చేతులు కట్టుకుని రామకృష్ణుడు, పక్కన ఆవు, కాళ్ల దగ్గర పిల్లి. కథలో ఉన్నవాళ్లందరూ ఉన్నారు, అడగాల్సిన ప్రశ్న మాత్రం లేదు. రామకృష్ణుడు నవ్వుతూ చూపుడువేలు ఎత్తిన బొమ్మ ఇంకొందరు వేస్తారు. అది ఆయన కథల్లో ఏ కథకైనా సరిపోతుంది కాబట్టి ఈ కథకి చాలదు. ఈ కథలో మరే కథలోనూ లేనిది ఒక్కటే ఉంది: పాలు చూసి హడలిపోయే పిల్లి. లోకంలో పిల్లి అన్నది చేయని పని అది. ఒక గిన్నె, ఒక పిల్లి, రెండే వస్తువులు.

ఇప్పుడు దాన్ని గీయాలి. వీడియోలోంచి ఫ్రేము పట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. కదలికలో బాగుండేందుకు గీసిన బొమ్మ ఆగి ఉన్నప్పుడు బాగుండాలని లేదు. పిల్లి ఎగిరే చోట యానిమేటర్ ఒళ్లు సాగదీసి, కాళ్లు నాలుగూ మసకగీతలుగా వేస్తాడు. కదులుతుంటే అదే వేగంలా కనిపిస్తుంది, ఆపి చూస్తే చెరిపేసిన బొమ్మలా ఉంటుంది. యూట్యూబ్ తానుగా తీసే మూడు ఫ్రేముల్లో ఇలాంటిది, లేదా సగం మూసిన కళ్లది రావడం మామూలే. అందుకని థంబ్‌నెయిల్ బొమ్మని పత్రికకి ముఖచిత్రం వేసినట్టు విడిగా వేయాలి.

కొలత 1280 బై 720 పిక్సెళ్లు. అయితే ఆ కొలతలో దాన్ని చూసేది గీసిన మనిషి ఒక్కడే. మిగతా అందరూ ఫోన్‌లో చూస్తారు, పక్కన వచ్చే సిఫారసుల వరసలో అయితే అగ్గిపెట్టె కంటే చిన్నగా కూడా చూస్తారు. కాబట్టి గీస్తున్నంతసేపూ పక్కన అదే బొమ్మని అగ్గిపెట్టెంత చేసి పెట్టుకోవాలి. కళ్లు సగం మూసి చూసినా గిన్నె గిన్నెలా, పిల్లి పిల్లిలా తెలియాలి. ఇక్కడ మన కథకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పాలు తెలుపు, పిల్లినీ తెల్లగా వేస్తే రెండూ కలిసి ఒక ముద్దవుతాయి. పిల్లి నారింజ చారలదైతే, గిన్నె ఇత్తడిదైతే, నేల ముదురు నీలమైతే ఏది ఏదో దూరం నుంచే తెలుస్తుంది. కుడివైపు కింది మూల నల్లపెట్టెలో వీడియో నిడివి పడుతుంది, కాబట్టి ముఖ్యమైనదేదీ అక్కడ ఉండకూడదు. మనం ఎడమనుంచి చదువుతాం గనక గిన్నె ఎడమవైపు కింద, పిల్లి కుడివైపు పైన, గాల్లో ఉండాలి. ముందు పాలు చూస్తాం, తర్వాత పారిపోతున్న పిల్లిని చూస్తాం.

చిన్నదే గానీ నాకు చాలా ముఖ్యం అనిపించే సంగతి ఒకటి. ఆ గిన్నె మీద పొగ గీయకూడదు. గీసేవాడి చెయ్యి పొగ కోసం లాగుతుంది, ఎందుకంటే బొమ్మ బతికినట్టుంటుంది. కానీ పొగ కనిపిస్తే పాలు వేడిగా ఉన్నాయని, పిల్లి అందుకే పారిపోతోందని తెలిసిపోతుంది. కథ మొత్తం దాచుకున్న జవాబు ఆ పొగే.

థంబ్‌నెయిల్ మీద అక్షరాలు వేయాలా అన్నది తెలుగువాళ్లు ఇంగ్లీషు వాళ్లకంటే జాగ్రత్తగా తేల్చుకోవాల్సిన విషయం. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో గోడకట్టినట్టు నిలబడతాయి. మన లిపికి మూడంతస్తులు కావాలి. 'పిల్లి' అన్న మాటలో పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి. ఆ రెంటికీ చోటిచ్చేసరికి మధ్యలో అసలు అక్షరం కుంచించుకుపోతుంది. చిన్న తెరమీద ఒత్తు చుక్కగా మారుతుంది. రాయక తప్పదనుకుంటే ఒత్తుల్లేని ఒకటి రెండు మాటలు చూసుకోవాలి. ఇక్కడైతే 'పాలా?' అన్న రెండక్షరాలు చాలు. నా ఓటు మాత్రం ఏమీ రాయకపోవడానికే. చదవడం రాని నాలుగేళ్ల పిల్ల కూడా ఈ బొమ్మని అర్థం చేసుకోవాలి, వాళ్లమ్మ ఫోన్‌లో వేలు పెట్టేది ఆ పిల్లే.

ఇక టైటిల్. మన భాషలో కథల వీడియోల టైటిళ్లు ఎలా ఉంటాయో ఒకసారి చూడండి:

తెలుగు కథలు | తెలుగు నీతి కథలు | తెనాలి రామకృష్ణ కథలు | భాగం 7

యూట్యూబ్ టైటిల్‌కి 100 క్యారెక్టర్ల హద్దు. ఆ లెక్క మనం అక్షరం అనుకునేదాన్ని బట్టి కాదు. గుడి, కొమ్ము, ఒత్తు కలిపే గుర్తు ఇవన్నీ వేటికవే లెక్కకొస్తాయి. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. ఆ ప్రకారం పై టైటిల్ 62. అందులో పిల్లి లేదు, పాలు లేవు, జరిగేదేమీ లేదు. ఫోన్‌లో రెండు వరసలు దాటిన టైటిల్ తెగిపోతుంది కాబట్టి మొదటి మాటలే విలువైనవి, ఆ మాటలేమో అందరూ వాడేవి. ఇలా రాసేవాళ్ల ఉద్దేశం వెతికేవాళ్లకి దొరకాలని. అది తప్పు కాదు. కానీ వెతకడానికి పనికొచ్చే మాటలు చివర్లో ఉన్నా దొరుకుతాయి. మనవాళ్లు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు గనక tenali ramakrishna kathalu లాంటివి వివరణలో మొదటి వరసలో పెట్టుకోవచ్చు.

నేనైతే ఇలా పెడతాను:

పాలంటే పారిపోయే పిల్లి | తెనాలి రామకృష్ణ కథలు

మొదటి మూడు మాటలు 22 క్యారెక్టర్లు, ఎక్కడా తెగవు. అవి బొమ్మ చూపించినదాన్ని పేరుపెట్టి పిలుస్తాయి, జవాబు మాత్రం చెప్పవు. 'రామకృష్ణుడు పిల్లికి వేడిపాలు పోసిన కథ' అని పెడితే అంతా చెప్పేసినట్టే. 'ఈ పిల్లి చేసింది చూస్తే షాక్ అవుతారు' అని పెడితే ఏమీ చెప్పనట్టు, పైగా చూసేవాడు ఒకసారి మోసపోతే రెండోసారి మన బొమ్మ గుర్తుపట్టి మరీ దాటేస్తాడు.

భాగం సంఖ్య తీసేయడం చూసి కొందరు ఒప్పుకోరు. సిరీస్ అన్నాక వరస ఉండాలి కదా అంటారు. కానీ కొత్తగా వచ్చినవాడికి ఏడో భాగం అన్న మాట, నువ్వు ఆరు చూడలేదు అని చెబుతుంది. రామకృష్ణుడి కథలు దేనికవే పూర్తయ్యేవి, ఏదైనా ముందు చూడొచ్చు. వరస ప్లేలిస్ట్‌లో ఉంటే చాలు. ఒక భాగం కథ ఇంకో భాగంలోకి సాగే సీరియల్ అయితే మాట వేరు, సంఖ్య ఉండి తీరాలి. సిరీస్ పేరు ముందా, ఆ భాగం పేరు ముందా అన్నది కూడా ఇలాంటిదే. ఆస్ట్రేలియాకి చెందిన గ్లిచ్ ప్రొడక్షన్స్ 2023 అక్టోబర్‌లో యూట్యూబ్‌లో మొదలుపెట్టిన 'ది అమేజింగ్ డిజిటల్ సర్కస్' టైటిళ్లలో సిరీస్ పేరే ముందుంటుంది, ఆ భాగం పేరు తర్వాత వస్తుంది. మొదటి భాగమే కోట్లమంది చూశారు, ఆ పేరు కోసమే జనం వస్తారు, కాబట్టి అది వాళ్లకి సరైనది. మన సిరీస్ పేరు ఇంకా ఎవరికీ తెలియనప్పుడు ముందుండాల్సింది పిల్లి.

అసలు కష్టం మొదటి పది సెకన్లది, ఎందుకంటే ఇక్కడ మనకి టీవీ అలవాటు అడ్డొస్తుంది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఛోటా భీమ్ 2008లో పోగో చానెల్‌లో మొదలైంది. ఆ టైటిల్ పాట వినబడగానే పక్కగదిలో హోంవర్క్ వదిలి పిల్లలు టీవీ ముందుకి పరుగెత్తేవాళ్లు. టీవీలో టైటిల్ పాట పని అదే, ఎక్కడో ఉన్నవాళ్లని పిలుచుకురావడం. యూట్యూబ్‌లో ఆ మనిషి పిలవకముందే వచ్చేశాడు. వేలుతో నొక్కి, కళ్లు తెరకి అప్పగించి కూర్చున్నాడు. అతని ముందు స్టూడియో లోగో తిరగడం, నిర్మాత పేరు, పాట, తర్వాత 'అనగనగా విజయనగరం అనే రాజ్యం' అంటూ కోట మీదుగా మెల్లగా వెళ్లే కెమెరా. ముప్ఫై సెకన్లయినా పిల్లి రాదు.

పాటతో మొదలుపెట్టకూడదనీ కాదు. పైన చెప్పిన డిజిటల్ సర్కస్ మొదటి భాగం పాటతోనే మొదలవుతుంది. కానీ ఆ పాట కథలో భాగం. సర్కస్ యజమాని తన బృందాన్ని పరిచయం చేస్తుండగా ఆ లోకంలోకి కొత్తగా వచ్చిపడిన పామ్నీ అనే అమ్మాయి వల్ల ఆ వేడుక చెదిరిపోతుంది. పాట విన్నవాడు కథలోకి వచ్చేసే ఉంటాడు. అలా రాసుకోగలిగితే పాట పెట్టుకోవచ్చు.

మన పది సెకన్లు యానిమేటిక్‌లో ఇలా కూర్చుకోవచ్చు. మొదటి రెండు సెకన్లు ఇత్తడి గిన్నె దగ్గరగా, అందులో పాలు పడుతూ ఉంటాయి. థంబ్‌నెయిల్‌లో చూసిన గిన్నే అది, అదే రంగు, అదే నేల. నొక్కినవాడికి సరైన చోటికే వచ్చానని అప్పుడే తెలుస్తుంది. తర్వాత రెండు సెకన్లు వరసగా కూర్చున్న బొద్దు పిల్లులు చప్పరిస్తూ పాలు తాగుతుంటాయి. నాలుగో సెకనులో వరస చివర బక్కపిల్లి. ఒక చెయ్యి దాని ముందుకి గిన్నె జరుపుతుంది. ఆరో సెకను నుంచి ఏడున్నర దాకా ఏమీ కదలదు. పిల్లి కళ్లు గిన్నె మీద, అందరి కళ్లు పిల్లి మీద. ఎనిమిదిలో వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, ఒక్క ఎగురు, సభ స్తంభం మీద పిల్లి. పదో సెకనులో రాయలవారి గొంతు: "పాలు చూసి పిల్లి పరుగెత్తడమేమిటి, రామకృష్ణా?" అక్కడ రెండు సెకన్లు టైటిల్ కార్డు, తర్వాత కథ ఎలుకల దగ్గరికి వెనక్కి వెళుతుంది.

ఇందులో ఖర్చు సంగతి కూడా ఉంది. చప్పరించే పిల్లులు నాలుగైదు బొమ్మలు తిప్పితిప్పి వాడుకునే చక్రం. ఆ ఒకటిన్నర సెకను నిశ్శబ్దానికి ఒక్క బొమ్మ, మహా అయితే కనురెప్ప ఆడడానికి మరో రెండు. 120 బొమ్మలు అనుకున్న చోట చాలా తక్కువతో గడుస్తుంది, మిగిలిన శ్రమంతా ఆ ఒక్క ఎగురు మీద పెట్టొచ్చు. ఇంకొక విషయం, ఈ పది సెకన్లని ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూసుకోవాలి. పిల్లి ఎందుకు పారిపోయిందో తెలుసుకోవాలని అప్పుడూ అనిపిస్తే సీన్ నిలబడినట్టే. 'అనగనగా' అని చెప్పే గొంతు మీద ఆధారపడిన మొదలు ఈ పరీక్షలో నిలబడదు.

విడుదలయ్యాక ఎక్కడ తప్పిందో చెప్పేది యూట్యూబ్ స్టూడియోలోని రెండు అంకెలు. మన థంబ్‌నెయిల్ కనీసం సగం తెరమీద, ఒక సెకనుకి పైగా కనబడితే ఒక ఇంప్రెషన్. అలా కనబడిన నూటికి ఎంతమంది నొక్కారన్నది క్లిక్ త్రూ రేటు. సగం చానెళ్లకీ వీడియోలకీ అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. మొదటిరోజు మనల్ని ఎరిగినవాళ్లకి చూపిస్తుంది కాబట్టి ఎక్కువ ఉండి, కొత్తవాళ్లకి చూపించే కొద్దీ తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి కంగారుపడి బొమ్మ మార్చేస్తే, మెల్లగా విస్తరిస్తున్న వీడియోని మనమే చెడగొట్టుకున్నట్టు. రెండో అంకె, 30 సెకన్ల దగ్గర ఎంతమంది మిగిలారన్నది, గ్రాఫుతో సహా కనిపిస్తుంది.

ఈ రెంటినీ కలిపి చదవాలి. నొక్కేవాళ్లు తక్కువ, నొక్కినవాళ్లు మాత్రం చక్కగా కూర్చుంటున్నారంటే సీన్ బాగుంది, బొమ్మో టైటిలో పని చేయడం లేదు. చాలామంది నొక్కి, గ్రాఫు ఐదారు సెకన్లలోనే కొండచరియలా జారిందంటే బొమ్మ చూపించినది వీడియోలో వెంటనే కనబడలేదు. మనం వేసిన మొదలులో ఇంకో ప్రమాదం ఉంది. పిల్లి ఎగిరాక, సరిగ్గా టైటిల్ కార్డు దగ్గర గీత పడిపోతే, చూడాల్సింది చూసేశాం అనుకుని జనం లేచారన్నమాట. అప్పుడు తప్పు రాయలవారి ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న బలంగా లేదు, లేదా టైటిల్ కార్డు దాన్ని మరిచిపోయేంతసేపు నిలిచింది.

ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చే సదుపాయం ఉంది. అది నొక్కినవాళ్ల సంఖ్యని కాక ఎక్కువసేపు చూడబడిన బొమ్మని గెలిపిస్తుంది, అది న్యాయమైన పద్ధతి. అయితే పిల్లల కోసం తీసిందని మనం గుర్తుపెట్టిన వీడియోలకి ఆ సదుపాయం వర్తించదు. 2020 జనవరి నుంచి అలాంటి వీడియోలకి కామెంట్లు, చివర్లో తర్వాతి భాగాన్ని చూపించే ఎండ్ స్క్రీన్లు, కార్డులు కూడా ఉండవు. పిల్లల కథ అయితే ఆ గుర్తు పెట్టి తీరాలి, తప్పించుకోకూడదు. కాబట్టి బొమ్మ చేత్తోనే మార్చుకుని, ఒకసారికి ఒక్కటే మార్చి, కొన్నాళ్లు ఆగి చూసుకోవాలి. తర్వాతి భాగానికి దారి ప్లేలిస్ట్ ఒక్కటే. ప్లేలిస్ట్ పేజీలో ఏడు థంబ్‌నెయిళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఇక్కడ పనికొస్తుంది. ఏడింటిలోనూ రామకృష్ణుడే చేతులు కట్టుకుని నిలబడితే ఏడూ ఒకే వీడియోలా ఉంటాయి. ఆయన పిలక ఒక్కటి ఒక మూల ప్రతిసారీ కనిపిస్తే ఇది ఆ సిరీసే అని తెలుస్తుంది, మిగతా చోటంతా ఆ కథ వస్తువుకి ఇవ్వొచ్చు.

మరి ఈపాటికే లోగో, పాటతో విడుదలైపోయిన మొదటి ఆరు భాగాల మాటేమిటి? వాటిని తీసేసి మళ్లీ పెట్టనక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌తో వీడియో మొదలుని కత్తిరించవచ్చు. లింకు మారదు, వచ్చిన వ్యూస్ పోవు. లక్ష వ్యూస్ దాటిన వీడియోలకి మాత్రం, చానెల్ యూట్యూబ్ భాగస్వామ్య కార్యక్రమంలో లేకపోతే, మార్పులు సేవ్ కాకపోవచ్చు. అక్కడ కొత్త సీన్ చేర్చలేం, ఉన్నది తీయగలం అంతే. కత్తెర ఎక్కడ పడాలన్నది చెవితో చూసుకోవాలి. పాట చివరి తాళం మోగుతుండగా తెగితే ఏదో విరిగినట్టు వినిపిస్తుంది. దాని తర్వాత, మొదటి పాత్ర మాట్లాడేముందు తీసుకునే ఊపిరికి ఒక్క క్షణం ముందు కోస్తే, భాగం మొదట్నుంచీ అక్కడే మొదలైనట్టు ఉంటుంది.